శాంపిల్ రేట్, బిట్ డెప్త్: శ్రుతి ఎందుకు మారుతుంది, టిక్కులు ఎందుకు వస్తాయి – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కచేరీలు, హరికథలు, పెళ్ళి వీడియోల శబ్దం, ఇంటి గదిలో పాడిన పాటలు రికార్డు చేసేవాళ్ళ నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు ఇవి. ముందుగా ఒక మాట పట్టుకుంటే మిగతాదంతా తేలిక. రికార్డయిన ఫైలులో ఉండేవి వరుసగా పేర్చిన సంఖ్యలే, వాటిలో కాలం ఉండదు. ఒక్కో సంఖ్య ఒక శాంపిల్. ఆ సంఖ్యల్ని సెకనుకు ఎన్ని చొప్పున చదవాలో, అంటే శాంపిల్ రేట్ ఎంతో, ఫైలు మొదట్లో హెడర్ అనే చోట విడిగా రాసి ఉంటుంది. ఆ రాత తప్పితే శ్రుతి మారుతుంది. రెండు యంత్రాల గడియారాలు కలవకపోతే టిక్కులు వస్తాయి. బిట్ డెప్త్‌కి ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

44100 పెట్టాలా, 48000 పెట్టాలా?

వీడియోతో కలిసేదైతే 48000 హెర్ట్జ్. కెమెరాలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దానికే అలవాటుపడి ఉన్నాయి. సీడీకి వెళ్ళేదైతే 44100. ఈరోజుల్లో కచేరీ ఏదైనా చివరికి యూట్యూబ్‌కే చేరుతుంది కాబట్టి, ఎటూ తేలకపోతే 48000 పెట్టి మళ్ళీ దాని జోలికి పోకండి. రెండింటి నాణ్యతలో చెవికి తెలిసే తేడా లేదు. శాంపిల్ రేట్‌లో సగం వరకు ఉన్న ధ్వనులు ఫైలులో పడతాయి. 44100లో అది 22050 హెర్ట్జ్, మనిషి చెవి హద్దు దాదాపు 20000.

44100 అనే వింత సంఖ్య ఎక్కడిదని అడిగేవాళ్ళూ ఉన్నారు. తొలినాళ్ళలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. వీడియో గీతకు 3 శాంపిళ్ళు, ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడండి. సెకనుకు 50 ఫీల్డుల పద్ధతిలో 294 గీతలు వాడితే మళ్ళీ అదే సంఖ్య వస్తుంది.

96000, 192000 పెడితే ఇంకా బాగుంటుంది కదా?

పాటకి, మాటకి అవసరం లేదు. ఫైలు రెండింతలో నాలుగింతలో అవుతుంది, కంప్యూటరు మీద బరువు పెరుగుతుంది. ఒక శబ్దాన్ని తర్వాత బాగా నెమ్మది చేసి వాడాలనుకుంటే మాత్రం పనికొస్తుంది. అలల చప్పుడుని సగం వేగానికి దించి నేపథ్యంలో వేసుకునేవాళ్ళకి 96000 న్యాయమే.

16 బిట్లా, 24 బిట్లా?

రికార్డు చేసేటప్పుడు 24. విననిచ్చేటప్పుడు 16 చాలు.

బిట్ డెప్త్ అంటే ఒక్కో శాంపిల్ ఎత్తుని కొలిచే గీతల సంఖ్య. 16 బిట్లకి 65536 గీతలు, 24 బిట్లకి కోటీ 67 లక్షల పైచిలుకు. బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ చొప్పున లెక్కేస్తే 16 బిట్లలో అత్యంత గట్టి శబ్దానికీ అడుగున ఉన్న బురబురకీ మధ్య 96 డెసిబెల్స్ దూరం. 24 బిట్లలో కాగితం మీద 144. మైకుని కంప్యూటరుకి కలిపే మంచి ఇంటర్‌ఫేస్‌లు నిజంగా ఇచ్చేది 110 నుంచి 120 మధ్యే.

బీచ్ రోడ్డుకి దగ్గర్లోని గదిలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసినా, గది చప్పుడు 16 బిట్ల అడుగున ఉన్న ఆ బురబురకి చాలా పైనే ఉంటుంది. మరి 24 ఎందుకు? గాయకులు ఒకే ఎత్తులో పాడరు. మంద్రంలో మెత్తగా సాగిన గొంతు తారస్థాయి షడ్జం అందుకునేసరికి 15 డెసిబెల్స్ లేస్తుంది. ఆ ఒక్క క్షణం మీటర్ ఎర్రబడితే ఆ సంగతి పోయినట్టే, తిరిగి రాదు. అందుకని గట్టి చోట్ల కూడా మీటర్ –12 దాటకుండా గెయిన్ దించి పెట్టాలి. కచేరీలో గొంతు ఎటు పోతుందో తెలియకపోతే ఇంకా దించాలి. 16 బిట్లలో –30 దగ్గర పడిన మెత్తటి భాగాన్ని తర్వాత 25 డెసిబెల్స్ పెంచితే, –96లో ఉన్న బురబుర కూడా లేచి –71కి వస్తుంది, హెడ్‌ఫోన్స్‌లో వినపడుతుంది. 24 బిట్లలో ఆ భయం లేదు.

ఖర్చంతా డిస్క్ మీదే. 48000, 24 బిట్లు, స్టీరియో అయితే నిమిషానికి 17.3 మెగాబైట్లు, గంటకి ఒక గిగాబైట్ పైచిలుకు.

32 బిట్ ఫ్లోట్ సంగతేమిటి?

ఎడిటింగ్ లోపల చాలా సాఫ్ట్‌వేర్లు లెక్కలన్నీ దాంట్లోనే చేస్తాయి, అది మంచిదే. రికార్డింగ్‌కి మాత్రం ఆ పద్ధతి కోసమే చేసిన రికార్డరు ఉంటేనే లాభం. మామూలు ఇంటర్‌ఫేస్‌లో కన్వర్టరు దగ్గరే గొంతు చిట్లితే, ఫైలు 32 బిట్ ఫ్లోట్ అయినంతమాత్రాన బాగుపడదు.

హాల్లో బాగానే వినిపించిన కచేరీ ఇంటికి తెచ్చి వింటే శ్రుతి దిగిపోయింది. ఎలా?

మనల్ని ఎక్కువ తికమక పెట్టేది ఇదే కాబట్టి, లెక్కతో సహా చూద్దాం.

కళాభారతిలో రెండు గంటల గాత్ర కచేరీ అనుకోండి. గాయని 5 శ్రుతి. హాలు డిజిటల్ మిక్సరు 48000లో నడుస్తోంది. అక్కడి నుంచి ఆప్టికల్ కేబుల్ మీ ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చింది. ఇంటర్‌ఫేస్ గడియారాన్ని External మీద పెట్టారు, అదీ సరైనదే. ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ మాత్రం పాత 44100 మీద ఉండిపోయింది. కొన్ని డ్రైవర్లు అప్పుడు హెచ్చరిస్తాయి, కొన్ని నోరెత్తవు. సెకనుకు 48000 సంఖ్యలు వచ్చి పడుతుంటే సాఫ్ట్‌వేర్ వాటి మీద 44100 అని చీటీ అంటించి దాచేస్తుంది.

కచేరీ అవగానే అక్కడే ప్లే చేసి చూస్తారు. బాగుంటుంది! ఎందుకంటే ఇంటర్‌ఫేస్ ఇంకా మిక్సరు గడియారం మీదే, అంటే 48000లోనే నడుస్తోంది. చీటీ తప్పయినా చదివే వేగం ఒప్పు. కేబుల్ పీకి ఇంటికి వెళ్ళాక ఇంటర్‌ఫేస్ సొంత గడియారం మీదకి వస్తుంది, చీటీలో ఉన్నట్టే 44100లో చదువుతుంది. అప్పుడు బయటపడుతుంది.

48000ని 44100తో భాగిస్తే 1.0884. రెండు గంటల కచేరీ 2 గంటల 10 నిమిషాల 37 సెకన్లకి సాగుతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు దిగుతుంది. 5 శ్రుతి షడ్జం 196 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 180కి వచ్చి పడుతుంది, అంటే 4కీ నాలుగున్నరకీ సరిగ్గా నడుమ. తంబురా యాప్ 4లో పెట్టినా కలవదు, నాలుగున్నరలో పెట్టినా కలవదు. మృదంగం నీరసంగా మోగుతుంది, తాళం కూడా నెమ్మదిస్తుంది.

తిరగేసిన తప్పూ ఉంది. 44100లో పడిన సంఖ్యల్ని 48000గా చదివితే అదే 5 శ్రుతి ఐదున్నరకీ 6కీ మధ్యకి ఎక్కుతుంది, 5 నిమిషాల కీర్తన 4 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. గాయని చిన్నపిల్లలా వినిపిస్తుంది. వినగానే నవ్వొస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ వదిలెయ్యరు. దిగిన శ్రుతినే «గొంతు కొంచెం బరువెక్కిందేమో» అని సరిపెట్టుకుంటారు.

అది చీటీ తప్పేనని ఎలా రూఢి చేసుకోవాలి?

ముందు ఫైలు ఏం చెబుతోందో ffmpegతో పాటు వచ్చే ffprobe అనే ప్రోగ్రాముతో, కమాండ్ కిటికీలో ఇలా కొట్టి చూడండి.

```
ffprobe -v error -show_entries stream=sample_rate,bits_per_sample,duration -of default=nw=1 kacheri.wav
```

పై ఉదాహరణలో వచ్చే జవాబు:

```
sample_rate=44100
bits_per_sample=24
duration=7836.734694
```

ఇక అసలు ఎంతసేపు పట్టిందో కావాలి. సభలో ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీసే ఉంటారు. ఏదో ఒక కీర్తన మొదలూ చివరా రెండింట్లోనూ గుర్తుపట్టి వ్యవధులు కొలవండి. మీ ఫైలు వ్యవధిని వీడియో వ్యవధితో భాగిస్తే 1.088 వస్తే ఇక సందేహం లేదు. 0.919 వస్తే తిరగేసిన తప్పు. 2 లేదా 0.5 వస్తే 96000, 48000 కలగలిసిపోయాయి, శ్రుతి కూడా పూర్తిగా ఒక స్థాయి మారి ఉంటుంది. ఈ సంఖ్యలేవీ కాకపోతే కారణం వేరే వెతకాలి.

చీటీని కళ్ళారా చూడాలంటే ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మామూలు వేవ్ ఫైలులో సున్నా నుంచి లెక్కిస్తే 24వ బైట్ దగ్గర శాంపిల్ రేట్ ఉంటుంది, తలకిందుల వరసలో. `44 AC 00 00` అంటే 44100, `80 BB 00 00` అంటే 48000. నాలుగు బైట్లు, రెండు గంటల కచేరీ శ్రుతి అంతా వాటి చేతిలో. ఫీల్డ్ రికార్డర్లు రాసే ఫైళ్ళలో ముందు ఇతర సమాచారం ఉండి ఈ చోటు ఇంకా వెనక్కి జరగొచ్చు. అప్పుడు `fmt ` అనే అక్షరాలు వెతికి, ఆ నాలుగు అక్షరాల మొదటి దాని నుంచి 12 బైట్లు దాటితే దొరుకుతుంది.

సరిచేయడం ఎలా? పిచ్ షిఫ్ట్ వాడొచ్చా?

వాడకండి. సంఖ్యలు పాడవలేదు, చీటీయే తప్పు. పిచ్ షిఫ్ట్, టైమ్ స్ట్రెచ్ అనేవి ప్రతి శాంపిల్‌నీ మళ్ళీ లెక్కగట్టి గమకాల్ని మసకబారుస్తాయి. చీటీ మార్చితే చాలు:

```
ffmpeg -i kacheri.wav -af asetrate=48000 -c:a pcm_s24le kacheri_48.wav
```

చివరి `-c:a pcm_s24le` మరిచిపోకండి. వేవ్ రాసేటప్పుడు ఏమీ చెప్పకపోతే ఆ ప్రోగ్రాము 16 బిట్లకి దించేస్తుంది. ఆడాసిటీ అలవాటైనవాళ్ళు ట్రాక్ పేరు పక్క మెనూలో Rate దగ్గర 48000 ఎంచుకుంటే అదే పని.

ఇక్కడ రెండు పనుల్ని కలిపేసుకోవడం వల్ల ఎక్కువ ఫైళ్ళు పాడవుతాయి. చీటీ మార్చడం ఒకటి, రీశాంపిల్ చేయడం ఇంకొకటి. రీశాంపిల్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఉన్న చీటీని నమ్మి, శ్రుతీ వ్యవధీ అలాగే ఉంచి కొత్త సంఖ్యలు తయారు చేస్తుంది. చీటీ సరైనదై, ఫైలుని మరో రేటుకి మార్చాలంటే ఇదే దారి, అప్పుడు `-af asetrate=48000` బదులు `-ar 48000` వాడాలి. చీటీ తప్పైన ఫైలుకి ఇది చేస్తే, తప్పు శ్రుతి కాస్తా 48000 ముద్రతో శాశ్వతమవుతుంది. ఆ తర్వాత చూసినవాళ్ళకి హెడర్‌లో అనుమానించడానికి ఏమీ మిగలదు.

శ్రుతి బాగానే ఉంది, మధ్యమధ్య టిక్ టిక్‌మంటోంది. అదీ శాంపిల్ రేట్ వల్లేనా?

కావచ్చు. టిక్కులు ఒక లయలో వస్తుంటే ముందు గడియారాల్ని అనుమానించండి.

రెండు యంత్రాలూ తెర మీద 48000 అనే చూపిస్తాయి. కానీ ఒక్కోదాని లోపల ఒక్కో స్ఫటికం ఉంది, రెండూ అచ్చంగా ఒకేలా కొట్టుకోవు. పది లక్షలకి 20 తేడా అనేది మామూలే. 48000లో అది సెకనుకు 0.96 శాంపిల్, దాదాపు ఒకటి. పంపే యంత్రం సెకనుకు ఒక శాంపిల్ ఎక్కువ పంపితే, పుచ్చుకునేది ఎక్కడో ఒకటి పారేయాలి. తక్కువ పంపితే ఉన్నదాన్నే రెండుసార్లు చదవాలి. ఆ చోట అల తెగి అతుకుతుంది. అదే సెకనుకో టిక్కు, గోడ గడియారంలాగా. తేడా తక్కువైతే నాలుగైదు సెకన్లకోసారి వస్తుంది. చాలా యంత్రాలు కొంత పోగుచేసుకుని ఒక్కసారిగా గెంతుతాయి, వాటిలో టిక్కులు అరుదుగా, కానీ గట్టిగా వస్తాయి.

తంబురా, వయొలిన్, ఆలాపన ఉన్న చోట ఇవి బయటపడతాయి. తనియావర్తనంలో మృదంగం దెబ్బల కింద దాక్కుంటాయి. కాబట్టి సౌండ్ చెక్‌లో మృదంగం ఒక్కటే వాయించి చూసి సరే అనుకోవద్దు, తంబురాని ఒక నిమిషం రికార్డు చేసి వినండి. అనుమానం ఉన్న చోట అలని బాగా పెద్దది చేసి చూస్తే, నున్నగా వంపు తిరగాల్సిన గీతలో ఒక్క మెట్టు కనిపిస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో అదే చోట అడుగు నుంచి పైదాకా సన్నటి నిలువు గీత.

మందు ఒకటే: గడియారం ఒకే యంత్రానిది కావాలి. మిక్సర్‌ని Internal మీద ఉంచి, దాని నుంచి డిజిటల్ కేబుల్ అందుకునే ఇంటర్‌ఫేస్‌ని External లేదా ఆ కేబుల్ పేరున్న S/PDIF, ADAT మీద పెట్టాలి. Lock లైటు మిణుకుమనకుండా స్థిరంగా వెలగాలి. రెండూ Internal అయితే టిక్కులు తప్పవు. రెండూ External అయితే రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

రెండు యూఎస్‌బీ మైకులు ఒకే ల్యాప్‌టాప్‌కి గుచ్చినా ఇదే గొడవ, పైగా వాటిలో చాలావాటికి బయటి గడియారం పుచ్చుకునే దారి ఉండదు. మ్యాక్‌లో రెండింటినీ Aggregate Device‌గా కలిపి, రెండోదానికి Drift Correction టిక్ పెడితే నెట్టుకురావచ్చు. దానికన్నా రెండు మైకులు పట్టే ఒక్క ఇంటర్‌ఫేస్ కొనడమే నయం.

టిక్కులకి లయ లేదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నాయి.

అప్పుడది బఫర్. కంప్యూటరు ఆ క్షణంలో వేరే పనిలో పడి శబ్దాన్ని సమయానికి అందుకోలేకపోయింది. బఫర్‌ని 128 నుంచి 512కి పెంచి చూడండి. తగ్గితే కారణం దొరికినట్టే. శాంపిల్ రేట్‌కి దీనితో ఒక చుట్టరికం ఉంది. బఫర్‌ని కొలిచేది శాంపిళ్ళలో. 48000లో 128 శాంపిళ్ళు 2.7 మిల్లీసెకన్లు, 96000లో అవే 128 కేవలం 1.3. రేటు రెట్టింపు చేసి బఫర్ అలాగే వదిలేస్తే, నిన్నటిదాకా బాగున్న ల్యాప్‌టాప్ ఇవాళ టిక్కుమంటుంది.

రెండు ముక్కలు అతికించిన చోటే టిక్కు వస్తుంటే అది కత్తెర పని. అక్కడ 5 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ వేస్తే పోతుంది.

కెమెరా, రికార్డరు రెండూ 48000లోనే ఉన్నాయి. అయినా చివరికి వచ్చేసరికి పెదాలు, మాట కలవడం లేదు.

ఇది కూడా గడియారాల తేడాయే. రెండూ వేర్వేరు ఫైళ్ళు రాశాయి కాబట్టి టిక్కు రాదు, బదులుగా జారుడు వస్తుంది. పది లక్షలకి 25 తేడా ఉంటే రెండు గంటలకి 180 మిల్లీసెకన్లు, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో నాలుగున్నర ఫ్రేములు. సింహాచలంలో తెల్లవారుజాము ముహూర్తం పెళ్ళిని మొదట్నుంచి చివరిదాకా ఒకే టేక్‌లో తీస్తే మంగళసూత్రం వేళకి మంత్రం ఒక చోట, పురోహితుడి నోరు ఒక చోట అవుతాయి.

మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరాకి కనపడేలా చప్పట్లు కొట్టించి ఉంచుకుంటే, తేడా కొలిచి శబ్దాన్ని ఆ పిసరంతా సాగదీయొచ్చు. ఇంత చిన్న సాగతీతకి నాణ్యత చెడదు. లేదా మాటలు లేని చోట ఫైలుని తెంపి మళ్ళీ సరిపెట్టండి. ఈ జారుడికీ చీటీ తప్పుకీ తేడా పరిమాణంలోనే తెలిసిపోతుంది. గంటకి సెకనులో పదోవంతు అయితే గడియారం, నిమిషానికి ఐదు సెకన్లు అయితే చీటీ.

ఒకరు 16లో, ఒకరు 24లో పంపారు. కలిపితే శ్రుతి మారుతుందా, టిక్కులొస్తాయా?

రెండూ జరగవు. ప్రాజెక్ట్‌లో వేసుకుని పని చేసుకోండి. 24ని 16కి దించేటప్పుడు మాత్రం Dither పెట్టండి, అదీ అన్నిటికన్నా చివరి ఎక్స్‌పోర్ట్‌లో ఒక్కసారే. పెట్టకపోతే పాట చివర తంబురా నెమ్మదిగా ఆగిపోయే చోట నున్నగా ఆరిపోకుండా గరగరమంటూ తెగుతుంది. హెడర్ లేని రా ఫైలుని తెరిచేటప్పుడు 24కి బదులు 16 అని చెబితే మొత్తం హోరున గోల వస్తుంది. అది చూసి రికార్డింగ్ పోయిందనుకుని చెరిపేయకండి, సరైన బిట్ డెప్త్‌తో మళ్ళీ తెరవండి.

రికార్డు నొక్కేముందు ఎక్కడెక్కడ చూడాలి?

మూడు చోట్ల ఒకే సంఖ్య కనపడాలి: ఇంటర్‌ఫేస్ సొంత ప్యానెల్, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాజెక్ట్. విండోస్‌లో Win+R నొక్కి `mmsys.cpl` కొట్టి, Recording లో మీ మైకు, Properties, Advanced దాకా వెళ్ళాలి. మ్యాక్‌లో Audio MIDI Setup. రీపర్‌లో Alt+Enter కొడితే వచ్చే కిటికీలో Project sample rate పక్కన టిక్ పెట్టాలి. అది లేకపోతే పరికరం ఏ రేటులో ఉంటే ప్రాజెక్ట్ దాని వెంటే పోతుంది. బ్రౌజరు మూసేయడం కూడా మంచిదే, ఏదో వీడియో నడుస్తూ పరికరాన్ని వేరే రేటుకి లాగిన సందర్భాలున్నాయి.

తర్వాత తంబురా యాప్‌ని మైకు ముందు ఒక నిమిషం రికార్డు చేసి, బయటి కేబుళ్ళు అన్నీ తీసేసి, ఆ ఫైలుని ఫోన్‌లోకి పంపుకుని వినండి. యాప్‌ని మళ్ళీ మోగించి పక్కన పెడితే రెండు తంబురాలూ ఒకటై వినపడాలి. ల్యాప్‌టాప్‌లోనే విని తృప్తిపడితే కళాభారతి ఉదాహరణలో జరిగిందే జరుగుతుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకోగానే అంతా టెలిఫోన్‌లా మారింది?

వాటి మైకు తెరుచుకుంది. అప్పుడు చాలావాటిలో శబ్దం 8000 లేదా 16000 హెర్ట్జ్‌కి పడిపోతుంది, అంటే 4000 లేదా 8000 పైన ఏమీ ఉండదు. మైకుగా ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుని, తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. అలా పడిపోయి రికార్డయిన దాన్ని తర్వాత 48000కి మార్చినా పోయిన పైస్వరాలు రావు.